పెళ్లి ఫొటో కింద నాలుగు మాటలు

పెళ్లి ఫొటో దేశం దాటి వెళ్లగానే ముందుగా వచ్చేవి ప్రశ్నలే. "ఆ పక్కన ఎర్ర చీర ఎవరే?" అని న్యూజెర్సీ నుంచి పిన్ని అడుగుతుంది. "నాన్న వెనకాల నిలబడ్డది చంటిగాడేనా? ఇంత ఎత్తు ఎప్పుడయ్యాడు?" అని డాలస్ నుంచి బాబాయి. "ఇది తాళి కట్టక ముందా, కట్టాకా?" అని కువైట్‌లో ఉన్న పెద్దన్నయ్య. శుభాకాంక్షలు, దీవెనలు ఆ తర్వాత మొదలవుతాయి. ఈలోగా ఫొటో కింద రాసిన వాక్యం చూస్తే "మా కుటుంబంలో మరపురాని మధుర క్షణాలు" అని ఉంటుంది. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు.

ఆ వాక్యం రాసినవాళ్లకు ప్రేమ లేదని కాదు. మూడు రోజులుగా నిద్ర లేక, పందిట్లో నిలబడి, చేతికి దొరికిన మాటలు రాసేశారంతే. కానీ ఆ మాటలు ఏ ఊళ్లో ఎవరి పెళ్లి ఫొటో కిందైనా సరిపోతాయి. దూరాన ఉన్న మేనత్తకు కావలసింది తన మేనకోడలి పెళ్లి. తను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిల్ల, తను పెరిగిన ఇంటి వాకిట్లో, తనవాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఆ నిమిషంలో అక్కడ ఏం జరిగిందో ఆమెకు తెలియాలి. ఫొటో ముఖాలు చూపిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి కింద రాసిన మాటలే చెప్పాలి. రాతలోకి ఆప్యాయత వచ్చేది ఆ వివరాల్లోంచే. "మధురమైన", "అపురూపమైన" అన్న విశేషణాలు ఎన్ని పేర్చినా అది రాదు.

వెనకటి తరం ఈ పని బాగా చేసింది. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజినీర్లు అక్కడికి వెళ్లడం పెరిగింది. వాళ్లకు పెళ్లి విశేషాలు ఎయిర్‌మెయిల్ కవర్లో వచ్చేవి. కవరు బరువు పెరిగితే తపాలా ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఆల్బమ్ మొత్తం పంపేవారు కాదు. రెండో మూడో ఫొటోలు ఏరి, ఒక్కోదాని వెనక నాలుగు ముక్కలు రాసి పంపేవారు. "కుడి చివర నిలబడింది సుబ్బులు మామయ్య రెండో అమ్మాయి, నువ్వు వెళ్లేటప్పటికి ఉయ్యాల్లో ఉంది" అన్నట్టుండేవి ఆ ముక్కలు. బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కి రాస్తే ముందువైపు ఎవరి ముఖం మీదో గీత తేలేది. అందుకని తెలిసినవాళ్లు ముఖాలు లేని అంచు చూసుకుని, తేలిక చేత్తో రాసేవారు. చోటు తక్కువ, తపాలా ఖరీదు, జవాబు రావడానికి వారాలు పడుతుంది. అందుచేత అడగబోయే ప్రశ్నను ముందే ఊహించి రాసేవారు.

తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. ఇక్కడ తీసిన క్యాసెట్ పాల్ పద్ధతిలో ఉండేది, అమెరికా టీవీలు నడిచేది ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో. మార్పించి పంపకపోతే మూడు గంటల పెళ్లి అక్కడి టీవీలో చారలుగా, నలుపు తెలుపు గీతలుగా కనిపించేది. అలాంటప్పుడు మళ్లీ ఆ రెండు ఫొటోలూ, వెనక రాతలే దిక్కు.

ఇప్పుడు ఫొటోలకు లెక్కే లేదు. పెళ్లికి రెండు మూడు వేలు తీస్తున్నారు. వాటిలో రెండొందలు ఒకేసారి కుటుంబ గ్రూపులో వచ్చి పడతాయి. రాత మాత్రం కరువైంది. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరుతూ ఫోను తెరిచిన బాబాయికి ఒక్కో ఫొటో మీద పట్టుమని పది సెకన్లు కూడా ఉండవు. కాబట్టి రెండొందల ఫొటోల్లోంచి ఒక్కటి తీసి, దాని కింద సరిగ్గా రాసి, ముందుగా పంపడం మేలు. మిగతావి తర్వాత తీరిగ్గా వెళ్లొచ్చు.

ఆ ఒక్క ఫొటో ఏదనుకుందాం? పశ్చిమగోదావరిలో తణుకు దగ్గర ఒక పల్లె, మాఘమాసం, శనివారం రాత్రి 8.42కి ముహూర్తం. పెళ్లికూతుర్ని ఇంట్లో అందరూ బుజ్జి అంటారు. వధూవరులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి తల మీద ఒకరు చేయి పెట్టి ఉన్నారు, మధ్యలో తెర. తెర చెరో కొసా ఇద్దరు మగవాళ్లు పట్టుకున్నారు. వెనక పెళ్లికూతురి అమ్మానాన్నలు. ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలో గంధం రంగు చీరలో ఒక ముసలావిడ, ఆమె భుజం మీద చేయి వేసి ఒక కుర్రాడు. ఇలాంటి ఫొటో ప్రతి తెలుగు ఆల్బమ్‌లోనూ ఉంటుంది. దీని కింద ఏం రాయాలి?

మొదట ఘట్టం పేరు. ఇక్కడే చాలామంది తడబడతారు. "మాంగల్యధారణ సుముహూర్తం" అని రాసేస్తారు. మన ఇళ్లలో ఎక్కువగా పంచాంగం చూసి పెట్టే ముహూర్తం జీలకర్ర బెల్లానిది. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో ఉంచి, సరిగ్గా ఆ నిమిషానికి ఒకరి నడినెత్తిన ఒకరు పెడతారు. తెర తొలగి, ఒకరినొకరు చూసుకునేదీ అప్పుడే. తాళి కట్టేది ఆ తర్వాత. ఫొటో చూసి తేల్చుకోవడం కష్టమేమీ కాదు. తెర ఉందంటే జీలకర్ర బెల్లం. చాలా ఇళ్లలో జీలకర్ర బెల్లం అయ్యాకే ఎర్రంచు తెల్లబట్టలు, అంటే మధుపర్కాలు కట్టుకుంటారు. అందుకని మధుపర్కాలతో కనిపిస్తే అది మాంగల్యధారణో, తలంబ్రాలో అయి ఉండటానికే అవకాశం ఎక్కువ. పెళ్లికూతురు గంపలో కూర్చుని ఉంటే, మేనమామలు పందిట్లోకి తీసుకొస్తున్నారన్నమాట. ఇంటింటికీ ఆచారం కొంత మారుతుంది కనుక, అనుమానముంటే పురోహితుణ్ణో, ఇంట్లో పెద్దావిడనో ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. తప్పు రాస్తే అవతల నుంచి అమ్మమ్మ వయసువాళ్లు వెంటనే పట్టేస్తారు. ఇక ఫొటో గురించి మాట పోయి, ఆ తప్పు గురించే మాట నడుస్తుంది.

ఘట్టంతో పాటు సమయం. ఇది కేవలం వివరం కాదు. ముహూర్తం వేళకు తామెక్కడున్నామో దూరాన ఉన్నవాళ్లు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క మనమే వేసి ఇవ్వొచ్చు. ఫిబ్రవరిలో ఇక్కడ రాత్రి 8.42 అంటే న్యూజెర్సీలో అదే రోజు పొద్దున 10.12, డాలస్‌లో 9.12, కువైట్‌లో సాయంత్రం 6.12. సిడ్నీలో అప్పటికే తారీఖు మారి తెల్లవారుజామున 2.12 అవుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో చాలా రాష్ట్రాలు గడియారం గంట ముందుకు జరుపుతాయి కాబట్టి, అదే పెళ్లి వైశాఖంలో అయితే న్యూజెర్సీలో 11.12 అవుతుంది. "అక్కడ నీకు శనివారం పొద్దున తొమ్మిది దాటిన వేళ, బాబాయ్, ఇక్కడ తెర దిగింది" అని రాస్తే, ఆయన ఆ పొద్దున తను ఏం చేస్తున్నాడో గుర్తు చేసుకుంటాడు.

అర్ధరాత్రి దాటిన ముహూర్తాలతో ఇంకో చిక్కుంది. శుభలేఖలో "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 2.14 గంటలకు" అని వేస్తారు. మనకిది పుట్టినప్పటి నుంచీ అలవాటు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం శనివారమో ఆదివారమో తేలదు. ఆ వేళకు న్యూజెర్సీలో శనివారం మధ్యాహ్నం 3.44. ఫొటో కింద రాసేటప్పుడు తారీఖు ఒకటి తేల్చి రాసేస్తే, రేపు ఏడాది తిరిగాక పెళ్లిరోజు శుభాకాంక్షలు కూడా సరైన రోజున వస్తాయి.

ఇప్పుడు మనుషులు. అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే, ఎక్కువగా పాడయ్యేదీ ఇక్కడే. పత్రికల్లో లాగా ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకుపోవడం ఒక పద్ధతి. నిలబడ్డవాళ్లు, కూర్చున్నవాళ్లు వరుసలుగా ఉన్న గ్రూప్ ఫొటోకు అదే మంచిది. పందిట్లో తీసిన ఫొటోలో మనుషులు అలా వరుసగా ఉండరు. అక్కడ చీర రంగు, చేతిలో ఉన్న వస్తువు, చేస్తున్న పని పట్టుకుని చెబితే చూసేవాళ్ల కన్ను సూటిగా అక్కడికే వెళుతుంది. "తెర ఇటు కొస పట్టుకున్నది", "కుర్చీలో ఉన్నది", "పళ్లెం పట్టుకున్న పసుపు చీర" అన్నట్టు.

పేరు తర్వాత వరుస. మన వరుసలన్నీ చెప్పేవాళ్లను బట్టి మారిపోతాయి. రాసే కుర్రాడికి అత్తయ్య అయిన మనిషి, చదివే ఒకరికి వదిన, ఇంకొకరికి అక్క, మరొకరికి కోడలు. "అత్తయ్య, మామయ్య, పిన్ని" అని రాసేస్తే యాభై మంది గ్రూపులో నలభై మందికి ఆ అత్తయ్య ఎవరో తెలియదు. దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది. మొదటి వాక్యంలోనే పెళ్లికూతుర్ని అందరికీ తెలిసిన పెద్దమనిషికి ముడివేయాలి. "మన రెండో తాతగారి పెద్ద మనవరాలు బుజ్జి" అనగానే, ముప్ఫై ఏళ్ల కిందట ఊరు విడిచిన వాళ్లకు కూడా చెట్టులో ఆ కొమ్మ ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి మిగతా అందరినీ బుజ్జికి చుట్టరికంతోనే చెప్పాలి. బుజ్జి మేనమామ, బుజ్జి నానమ్మ, బుజ్జి పెదనాన్న కొడుకు అని. మధ్యలో రాసేవాళ్లు తమ వరుసలోకి జారిపోతే మళ్లీ గందరగోళం.

మగపెళ్లివారిని మరిచిపోవడం తరచుగా జరుగుతుంది. మనకు వాళ్లు కొత్త, పేర్లు కూడా సరిగ్గా నోటికి రావు. విదేశాల్లో ఉన్నవాళ్లు మాత్రం చూడగానే వెతికేది కొత్త అల్లుడినీ, వియ్యాలవారినే. పెళ్లికొడుకు పేరు, ఊరు, వాళ్లమ్మానాన్నలు ఫొటోలో ఎక్కడ ఉన్నారు అన్నవి ఒక వాక్యంలో చెప్పాలి. మర్యాదకు తగ్గట్టు "అల్లుడుగారు", "వియ్యపురాలుగారు" అని రాయడం మన పద్ధతి. ఆ ఫొటో మరునాటికల్లా వాళ్ల ఇంటికీ చేరుతుంది, వాళ్ల అమెరికా చుట్టాలకూ చేరుతుంది.

మేనరికం పెళ్లయితే ఒకే మనిషికి రెండు చుట్టరికాలు. నిన్నటిదాకా మేనత్త, ఈ రాత్రి నుంచి అత్తగారు. రెండూ రాయాలా, ఒకటి రాయాలా అని తికమక పడనక్కర్లేదు. "ఇన్నాళ్లూ బుజ్జికి మేనత్త, ఈ ముహూర్తంతో అత్తగారు" అంటే సరిపోతుంది. వాళ్లిద్దరి మధ్య ఆ రాత్రి ఏం మారిందో అందులోనే ఉంది.

ఇంటి మాట కూడా మార్చకూడదు. కరీంనగర్, జగిత్యాల వైపు ఇంట్లో బాబాయిని కాక అంటారు, పిన్నిని చిన్నమ్మ అంటారు, పెళ్లిని పెండ్లి అంటారు. ఫొటో కింద రాసేటప్పుడు ఉన్నట్టుండి పుస్తకాల తెలుగులోకి వెళ్లి "పినతండ్రి", "వివాహ మహోత్సవం" అని రాస్తే, దుబాయిలో గదిలో కూర్చుని చదివే మనిషికి అది ఎవరి ఇంటి సంగతో అన్నట్టుంటుంది. అతను ఇంట్లో విన్న మాటే అక్కడా కనబడాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల మాట వచ్చింది కనుక ఒక సంగతి నిదానంగా చెప్పాలి. అమెరికా వెళ్లిన చుట్టానికి వీసా స్టాంపింగ్ భయం ఉంటుంది. ఇండియాకు వస్తే తిరిగి వెళ్లడానికి అపాయింట్‌మెంట్ దొరుకుతుందో లేదో తెలియక ఆగిపోయినవాళ్లు ఎందరో. గల్ఫ్‌లో కూలికో, డ్రైవర్‌గానో వెళ్లిన మనిషికి యజమాని సెలవు ఇస్తేనే రాక. సొంత చెల్లెలి పెండ్లికి రాలేని అన్నలు తెలంగాణ పల్లెల్లోనూ, కడప, గోదావరి జిల్లాల్లోనూ ఉన్నారు. ఆ పెండ్లి ఖర్చులో సగం అతను పంపిందే అయి ఉండొచ్చు. మన పెళ్లిలో అన్నదమ్ములు స్వయంగా చేయవలసిన పని కూడా ఒకటుంది. లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోసేది అన్నో తమ్ముడో. అతను లేకపోతే ఆ వరుస అయ్యే ఇంకో కుర్రాడు కూర్చుంటాడు.

ఆ ఫొటో గ్రూపులో పెట్టేముందు అన్నకు విడిగా ఒక్క మాట చెప్పాలి. ఆ స్థానంలో ఇంకొకరు కూర్చున్న సంగతి అందరితో పాటు గ్రూపులో చూసి తెలుసుకోవలసి వస్తే అతని మనసు కలుక్కుమంటుంది. తర్వాత ఫొటో కింద రాసే వాక్యం ఇలా ఉండొచ్చు: "అన్న పేరు చెప్పి కాక కొడుకు పేలాలు పోసిండు. పంతులుగారు అన్న పేరే చదివిండు." జరిగింది జరిగినట్టే, అతని పేరు పందిట్లో పలికిందని కూడా అందులో ఉంది. "నువ్వు లేని లోటు కనిపించింది" అన్న వాక్యం నిజమే కావచ్చు, కానీ రాలేకపోయిన మనిషికి అది మరో దెబ్బ. రానివాళ్ల ముందు రాకపోవడాన్ని ఎత్తిచూపే మాట ఏ రూపంలో ఉన్నా తీసేయడమే నయం.

దానికి బదులు, రాలేనివాళ్లు ఆ పందిట్లో ఏ రూపంలో ఉన్నారో చూపించాలి. చాలాసార్లు ఏదో ఒకటి ఉంటుంది. న్యూజెర్సీ అత్త పోయిన దసరాకు పంపిన డబ్బుతో కొన్న చీర నానమ్మ కట్టుకుని ఉంటుంది. డాలస్ బాబాయి చిన్నప్పుడు పాతిన కొబ్బరిచెట్టుకే పందిరి గుంజ కట్టి ఉంటారు. పెళ్లికూతురి చెవులకున్న జుంకాలు కువైట్ నుంచి వచ్చినవి అయి ఉంటాయి. అలాంటిది ఒక్కటి వెతికి, ఫొటోలో ఎక్కడుందో చెబితే ఆ చుట్టం ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తుంది. అందరికీ ఒకటొకటి వెతకాలని బలవంతం పెట్టుకోకూడదు. లేనిది కల్పిస్తే తెలిసిపోతుంది. ఒక ఫొటోకు ఒకరు చాలు, మిగతావాళ్లకు మిగతా ఫొటోలు ఉన్నాయి.

పోయినవాళ్ల ప్రస్తావన కూడా ఇలాగే. తాతయ్య ఈ పెళ్లి చూడకుండా వెళ్లిపోయారన్న బాధ ఇంటిల్లిపాదికీ ఉంటుంది. ఫొటోలో గోడ మీద దండ వేసిన పటం కనబడుతుంటే, "గోడ మీద తాతయ్య చూస్తూనే ఉన్నారు" అన్న ఒక్క వాక్యం చాలు. పటం లేకపోతే ఆ మాట ఈ ఫొటో కింద కాకుండా వేరే సందర్భానికి ఉంచడం మంచిది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఈ మధ్యే ఎవరైనా పోయి, ఆ వార్త పెళ్లయ్యాక చెబుదామని దూరాన ఉన్నవాళ్ల దగ్గర దాచి ఉంచడం మన ఇళ్లలో జరిగేదే. అది ఫొటో కింద రాతలోంచి బయటపడకూడదు. పోస్టు చేసేముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చదివి వినిపించేది ఇందుకే.

అప్పగింతల ఫొటోల సంగతి వేరు. పాలలో చేతులు ముంచి, కూతురి చేయి వియ్యాలవారి చేతుల్లో పెట్టేటప్పుడు కన్నతండ్రి ఏడుస్తాడు. ఆ ఫొటో అందరినీ కదిలిస్తుంది, నిజమే. కానీ ఏడుస్తున్న మనిషి అనుమతి లేకుండా దాన్ని పెట్టడం సరికాదు. ఆయన సరేనన్నాక కూడా దాన్ని కుటుంబ గ్రూపు దాటించకపోవడమే మంచిది. ఒంటి నిండా బంగారంతో ఉన్న ఫొటోలు కూడా అంతే. అందరికీ కనిపించేలా పెట్టి, కింద ఊరి పేరు, వీధి పేరు రాసి, "ఇంటిల్లిపాదీ రేపు తిరుపతి ప్రయాణం" అని కలిపితే, ఇల్లు తాళం వేసి ఉందని ఊరంతటికీ చాటినట్టే.

ఇక లిపి సంగతి. గ్రూపులో మూడు తరాలుంటాయి. అమ్మమ్మలకు తెలుగు అక్షరాలు కావాలి. అమెరికాలో పుట్టిన మనవలకు తెలుగు వినబడితే అర్థమవుతుంది, చదవడం రాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే ఇద్దరికీ అందుతుందనుకుంటారు, తీరా చూస్తే ఇద్దరికీ సగం సగమే అందుతుంది. అమ్మమ్మకు ఆ అక్షరాలు కూడబలుక్కోవాలి, మనవడికి దీర్ఘమేదో హ్రస్వమేదో తెలియదు. దానికన్నా తెలుగులో పూర్తిగా రాసి, కింద పిల్లల కోసం ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాయడం మేలు. అవి తెలుగు వాక్యాలకు అనువాదంగా ఉండనక్కర్లేదు. తెర ఎందుకు పట్టుకున్నారు, తల మీద పెట్టింది ఏమిటి అన్న రెండు సంగతులు చెబితే వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. చదవలేనివాళ్ల కోసం అదే రాతను గొంతుతో చదివి వాయిస్ మెసేజ్‌గా కలిపేవాళ్లూ ఉన్నారు. నానమ్మే చదివితే ఇంకా బాగుంటుంది.

పొడవు ఎంతుండాలి? ఇన్‌స్టాగ్రామ్ ఒక రాతకు 2,200 గుర్తుల దాకా అనుమతిస్తుంది. ఫోను తెలుగును లెక్కించే తీరు వేరు. "పెళ్లి" అన్నది మన కంటికి రెండక్షరాలు. ఫోను లెక్కలో ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి కలిపి ఆరు. అందుకని 2,200 అంటే తెలుగులో సుమారు రెండొందల యాభై మాటలు. అంత అవసరం కూడా రాదు. అసలు కష్టం ఏమిటంటే, ఫొటో కింద మొదటి ఒకటి రెండు వరుసలే కనిపించి మిగతాది more అన్న మాట వెనక దాక్కుంటుంది. కాబట్టి "అందరికీ నమస్కారం, ఈ శుభ సందర్భంలో మీ అందరితో పంచుకోవడానికి ఎంతో సంతోషిస్తూ" అని మొదలుపెడితే, ఆ రెండు వరుసలూ దానికే చెల్లిపోతాయి. ఎవరు, ఏ ఘట్టం అన్నవి మొదటి వరుసలోనే పడాలి.

ఇన్ని సంగతులూ కలిపి, ఆ తణుకు పల్లె ఫొటో కింద రాస్తే ఇలా ఉండొచ్చు:

"మన రెండో తాతగారి పెద్ద మనవరాలు బుజ్జికి జీలకర్ర బెల్లం పెట్టించిన నిమిషం. శనివారం రాత్రి 8.42, మన పాతింటి వాకిట్లోనే. తెర ఇటు కొస పట్టుకున్నది బుజ్జి పెద్దమేనమామ, అటు కొస చిన్నమేనమామ; దించమని పంతులుగారు రెండుసార్లు చెబితే గానీ దించలేదు. అల్లుడుగారిది భీమవరం, వాళ్ల అమ్మగారూ నాన్నగారూ ఆయన వెనకే నిలబడ్డారు. కుర్చీలో నానమ్మ. మోకాళ్లు నొప్పి పెడుతున్నా ముహూర్తం అయ్యేదాకా లోపలికి వెళ్లనంది. ఆవిడ కట్టుకున్న గంధం రంగు చీర న్యూజెర్సీ అత్త దసరాకి పంపిన డబ్బుతో కొన్నదే. ఇంతకాలం దాచి ఈ రాత్రికి తీసింది. ఆమె భుజం మీద చేయి వేసిన పొడుగాటి కుర్రాడు చంటిగాడే, బాబాయ్. డాలస్‌లో అప్పుడు పొద్దున 9.12."

ఎనభై మాటల లోపే. ఇందులో "మధురం" లేదు, "మరపురానిది" లేదు. పిన్ని, బాబాయి, పెద్దన్నయ్య అడగబోయే ప్రశ్నలకు జవాబులున్నాయి. మేనమామలు తెర దించకుండా ఆటపట్టించిన సంగతి ఫొటోలో కనబడేది కాదు, అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇలాంటిది ఒక్కటి ఉంటే చాలు. రెండు మూడు చేరితే మాట సాగి, ఫొటోను మరిపిస్తుంది. మొదటిసారి రాసినప్పుడు ఇది దీనికి రెట్టింపు ఉండటం మామూలే. భోజనాల్లో పెట్టిన పనసపొట్టు కూర, పూతరేకులు, బ్యాండువాళ్లు ఆలస్యంగా రావడం అన్నీ వచ్చి చేరతాయి. అవన్నీ చెప్పదగ్గవే, కానీ వాటికి భోజనాల ఫొటో వేరే ఉంది.

రాసిన రాత ఫొటోతో కలిసి ఉండటం మరో సమస్య. వాట్సాప్‌లో ఫొటోను గ్యాలరీలోకి దించుకుంటే కింది రాత దాంతో రాదు. ఇంకొకరికి పంపేటప్పుడు కూడా రాతను తీసేసి ఒట్టి ఫొటో పంపే వీలుంది. అలా నాలుగు చేతులు మారేసరికి ముఖాలు మిగులుతాయి, పేర్లు పోతాయి. అందుకని అసలు ఫొటోను గూగుల్ ఫొటోస్ లాంటి చోట కుటుంబ ఆల్బమ్‌గా పెట్టి, వివరణ రాసే గడిలో ఇదే రాతను అతికించాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత కూడా తగ్గుతుంది. అచ్చు వేయించుకునే ఉద్దేశం ఉన్నవాళ్లకు డాక్యుమెంట్‌గా పంపడం మంచిది. అచ్చు వేయించాక వెనక రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈనాటి ఫొటో కాగితం వెనకవైపు ప్లాస్టిక్ పూత ఉంటుంది కనుక పెన్సిల్ పట్టదు, ఇంకు పెన్ను అలుక్కుపోతుంది. ఆల్బమ్‌ల కోసం అమ్మే, త్వరగా ఆరే సన్నటి మార్కర్‌తో రాసి, ఆరాకే ఒకదాని మీద ఒకటి పెట్టాలి.

ఎంత జాగ్రత్తగా రాసినా ఎవరో ఒకరు సరిదిద్దుతారు. "తెర అటు కొస పట్టుకున్నది చిన్నమేనమామ కాదర్రా, వాళ్ల తోడల్లుడు" అని అమ్మమ్మ ఫోన్ చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో రాతను ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాల లోపే దిద్దగలం. ఆ గడువు దాటితే అదే ఫొటోను దిద్దిన రాతతో మళ్లీ పంపి, పాతదాన్ని తీసేయాలి. తీసేసేముందు దాని కింద వచ్చిన దీవెనలు చదివి నానమ్మకు వినిపించాలి, ఎవరు ఏమన్నారని ఆవిడ మర్నాడు అడుగుతుంది.